నాలుగు జాములు, నాలుగు జపాలు
(శివరాత్రి జాగరణ ఎందుకు చేస్తాం, ఆ రాత్రి ఏం జపించాలి)

శివరాత్రి నాడు కోనసీమలో ఏ శివాలయానికి వెళ్ళినా సాయంత్రం ఏడింటికి కాలు పెట్టే చోటుండదు. పలివెల కొప్పేశ్వరుడి దగ్గరైనా, మురమళ్ళ వీరేశ్వరుడి దగ్గరైనా, ముక్తేశ్వరంలో క్షణ ముక్తేశ్వరుడి దగ్గరైనా అంతే. రాత్రి రెండయ్యేసరికి మండపంలో సగం మంది గోడకు ఆనుకుని కునుకుతూ ఉంటారు. మిగతా సగంలో చాలామంది చేతిలో ఫోనుంటుంది. వాళ్ళకు భక్తి లేక కాదు. ఆ వేళకు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పన్నెండు గంటల రాత్రిని ఒకే ముద్దగా మింగాలని చూస్తే ఎవరికైనా అది గొంతు దిగదు.

పెద్దలు ఆ రాత్రిని నాలుగు జాములుగా విడగొట్టారు. జాముకొక అభిషేకం పెట్టారు. మొదటి జాములో పాలు, రెండో జాములో పెరుగు, మూడో జాములో నెయ్యి, నాలుగో జాములో తేనె. జపాన్ని కూడా ఇలాగే జాము జాముకు మార్చుకుంటే జాగరణ నిలుస్తుంది. ఎలా మార్చుకోవాలన్నదే ఈ అధ్యాయం.

పూజ రాత్రే ఎందుకు?

మన పండుగల్లో చాలావాటికి సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నది లెక్క. శివరాత్రికి లెక్క వేరు. మాఘ బహుళ చతుర్దశి అర్ధరాత్రి వేళ ఏ రోజున ఉంటే ఆ రోజే పండుగ. 2025నే తీసుకోండి. ఫిబ్రవరి 26 ఉదయం పదకొండు దాటాక చతుర్దశి వచ్చింది, 27 ఉదయం తొమ్మిది దరిదాపుల్లో వెళ్ళిపోయింది. సూర్యోదయానికి చతుర్దశి ఉన్నది 27వ తేదీన. అయినా పండుగ 26నే చేసుకున్నాం, ఎందుకంటే చతుర్దశి ఉన్న అర్ధరాత్రి ఆనాటిదే.

ఆ అర్ధరాత్రికి అంత పట్టింపు ఎందుకంటే అది లింగోద్భవ కాలం. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని వాదించుకుంటుండగా వాళ్ళ మధ్య మొదలూ తుదీ దొరకని అగ్నిస్తంభం లేచిందని పురాణం చెబుతుంది. శివుడు లింగరూపంలో వెలసిన ఘడియ అదేనని నమ్మకం. అంటే ఆనాటి ముఖ్యమైన పూజకు ముహూర్తమే నడిరాత్రి. ముహూర్తం ఆ వేళలో ఉన్నప్పుడు మేలుకునే ఉండాలి. జాగరణకు మొదటి కారణం ఇంత సూటిగా ఉంది. హాలాహలం మింగిన శివుడి కోసం దేవతలు రాత్రంతా మేలుకుని కాపు కాశారని, మనమూ అందుకే మేలుకుంటామని మరో కథ ఊళ్ళలో చెప్పుకుంటారు.

ఆ వేళ ఎప్పుడో గడియారంలో తెలుసుకోవడం కష్టం కాదు. అస్తమయం నుంచి మర్నాటి ఉదయం దాకా ఉన్న సమయాన్ని నాలుగు భాగాలు చేస్తే జాములు వస్తాయి. ఫిబ్రవరి చివర అమలాపురంలో పొద్దు ఆరుంపది ప్రాంతంలో గుంకి, మర్నాడు ఆరుంబావు దాటాక పొడుస్తుంది. కాబట్టి జాముకు మూడు గంటల చిల్లర. తొమ్మిదీ పదికి మొదటి జాము, పన్నెండుంబావుకు రెండో జాము, మూడూ ఇరవైకి మూడో జాము ముగుస్తాయి. పన్నెండుంబావు రాత్రికి సరిగ్గా మధ్య. దానికి అటూ ఇటూ కలిపి యాభై నిమిషాలు, అంటే పన్నెండుకు కాస్త ముందు నుంచి పన్నెండూ నలభై దాకా లింగోద్భవ కాలం. ఈ లెక్క ఊరిని బట్టి మారుతుంది. కువైట్‌లో పనిచేసే రాజోలు వాళ్ళు ఇక్కడి గుడి ప్రసారం చూసి ఆ సమయాన్నే పట్టుకోనక్కర్లేదు. వాళ్ళుండే చోట పొద్దు గుంకిన వేళ నుంచి లెక్క కట్టుకోవాలి.

చెట్టెక్కిన ఇద్దరు

జాగరణ ఫలితం చెప్పడానికి శివపురాణంలో ఒక బోయవాడి కథ ఉంది. పేరు గురుద్రుహుడు. ఇంట్లో వాళ్ళు ఆకలితో ఉంటే వేటకెళ్ళాడు, రాత్రయింది. నీళ్ళ పాత్ర పట్టుకుని మారేడు చెట్టెక్కి కూర్చున్నాడు. మొదటి జాములో ఒక ఆడలేడి వచ్చింది. విల్లు ఎక్కుపెట్టేసరికి ఆ కదలికకు పాత్రలోని నీళ్ళు చిలికి, ఆకులు రాలి కింద ఉన్న లింగం మీద పడ్డాయి. పిల్లల్ని అప్పగించి వస్తానని లేడి మాటిచ్చింది, వదిలేశాడు. రెండో జాములో మరో లేడి, మూడో జాములో మగజింక. ప్రతిసారీ అదే కదలిక, అవే నీళ్ళు, అవే ఆకులు, అదే మాట. చివరి జాములో అన్నీ కలిసి మాట నిలబెట్టుకోడానికి తిరిగొచ్చాయి. అప్పటికి బోయవాడి మనసే మారిపోయింది.

ఈ కథ కోనసీమ వాళ్ళకు కొత్తగా అనిపించదు, ఎందుకంటే మనకు వ్యాఘ్రేశ్వరం ఉంది. అంబాజీపేట మండలంలోని ఆ ఊరి స్థలపురాణంలో చెట్టెక్కినవాడు వేటగాడు కాదు, శివభక్తుడైన బ్రాహ్మణుడు. మారేడు దళాల కోసం అడవికి వెళ్తే పులి వెంటపడింది. దొరికిన చెట్టెక్కాడు, అది మారేడు చెట్టే అయింది. పులి కింద కాపు కాసింది. ఆయన శివుణ్ణి తలుచుకుంటూ దళాలు తుంచి పులి మీదికే వేశాడు. చివరికి ఆ పులే లింగమైంది. అందుకే ఆ స్వామి వ్యాఘ్రేశ్వరుడు.

రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడిని ఆకలి మేలుకొల్పింది, ఇంకొకణ్ణి భయం మేలుకొల్పింది. ఇద్దరికీ చేతికి ఒక పని ఉంది. బోయవాడికి తెలియకుండానే జాము జాముకూ పూజ జరిగింది. బ్రాహ్మణుడు తెలిసే దళం తర్వాత దళం వేశాడు. ఊరికే కూర్చుని ఉంటే ఇద్దరిలో ఎవరైనా చెట్టు మీంచి జారి పడేవారు. జాగరణకు ఈ కథలు నేర్పే పద్ధతి ఇదే: ప్రతి జాములో చేతికి, నోటికి ఒక పని ఉండాలి.

నోటికి పని: రుద్రం విన్నా, పంచాక్షరి జపించినా

ఆలయంలో ఆ రాత్రి వినిపించే ప్రధానమైన పారాయణ రుద్రం. కృష్ణయజుర్వేద తైత్తిరీయ సంహిత నాలుగో కాండలో అయిదో ప్రపాఠకం నమకం, ఏడోది చమకం. రెండింటిలోనూ పదకొండేసి అనువాకాలు. నమకం రుద్రుడికి నమస్కారం, చమకం ఆయన్ని కోరే కోరికల పట్టీ. నమకం ఒకసారి పూర్తిగా చదివి చమకంలో మొదటి అనువాకం, మళ్ళీ నమకం చదివి రెండో అనువాకం, ఇలా పదకొండు ఆవృతాలు చేస్తే ఏకాదశ రుద్రం. పదకొండు మంది రుత్విక్కులు పదకొండేసి ఆవృతాలు చేస్తే 121, అది లఘురుద్రం. పదకొండు అన్న సంఖ్య కోనసీమకు చుట్టం లాంటిది. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు ప్రభల మీద వచ్చే రుద్రులూ పదకొండు మందే, పదకొండు ఊళ్ళ నుంచి.

మామూలు వేగంతో నమకానికి పావుగంట పడుతుంది. పదకొండు ఆవృతాలూ, మధ్యలో చమకమూ కలిపితే దాదాపు మూడు గంటలు. అంటే ఒక ఏకాదశ రుద్రం ఒక జాముకు సరిపోతుంది. ముందు మహాన్యాసానికి మరో గంట వేసుకోండి. తొమ్మిదింబావుకు మహాన్యాసం మొదలైన గుడిలో పదింబావుకు మొదటి నమకం ఎత్తుకుంటారు. ఆవృతానికి పదహారు నిమిషాల లెక్కన లింగోద్భవ కాలమంతా ఆరో ఆవృతం చివర నుంచి తొమ్మిదో ఆవృతం దాకా నడుస్తుంది.

మీకు రుద్రం రాకపోయినా దాన్ని వింటూ దారి తప్పకుండా ఉండవచ్చు. "నమః" అన్న మాట వెంటవెంటనే వస్తుంటే నమకం నడుస్తోంది. "చమే" అన్నది పదే పదే వస్తే చమకం. ఎన్నిసార్లు చమకం వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే ఎన్నో ఆవృతంలో ఉన్నారో తెలిసిపోతుంది. ఆఖరి చమకాన్ని ఎవరైనా గుర్తుపడతారు. అందులో సంస్కృతంలో ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి అంకెలు ముప్పైమూడు దాకా వస్తాయి. ఆ తర్వాత నాలుగు, ఎనిమిది, పన్నెండు అంటూ నలభై ఎనిమిది దాకా. ఆ అంకెలు చెవిన పడ్డాయంటే పదకొండో ఆవృతం ముగుస్తోంది, హారతికి లేవవచ్చు. ఇలా వినేవాడికి నిద్ర రాదు.

రుద్రాన్ని మాత్రం పుస్తకం చూసో, రికార్డు విని అనుకరించో ఆ రాత్రి మొదలుపెట్టకండి. దానికి స్వరం ఉంది, అది గురువు దగ్గర కూర్చుని నేర్చుకునేది. స్వరం మారితే అర్థం మారుతుందని వేదపాఠకులు గట్టిగా పట్టించుకుంటారు. నేర్చుకోనివాళ్ళకు అంతకన్నా తక్కువది ఇచ్చారనీ అనుకోకండి. నమకం ఎనిమిదో అనువాకంలో పంచాక్షరి ఉంది. ఓం చేర్చి "ఓం నమః శివాయ" అని మనమంతా చేసే జపం ఆ రుద్రం నడుమ నుంచి వచ్చినదే.

పంచాక్షరిని ఒక్కో మారు మూడు సెకన్లకు తగ్గకుండా పలకండి. 108 పూసల మాలకు అయిదారు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఊపిరి తీసుకుంటూ గంటకు పది మాలలు చేయవచ్చు. మేరుపూస దగ్గరకొచ్చాక దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుకోవాలి. ఈ చిన్న నియమం నిద్రకు కాపలా కూడా. మేరువు దాటిపోయినా వేలికి తెలియలేదంటే మీరు కునికారని అర్థం.

ఒక ఇంటి రాత్రి

అంబాజీపేట దగ్గర ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, కాలేజీ చదివే కూతురు, డెబ్బై దాటిన నానమ్మ. ఊరి గుడి నడకదూరంలో ఉంది. ఈ నలుగురూ రాత్రిని ఇలా పంచుకోవచ్చు.

మొదటి జాము ఇంట్లో గడుస్తుంది. దీపం పెట్టి, ఇంటి లింగానికి పాలతో అభిషేకం, తర్వాత పెరటి కొబ్బరిబొండాం నీళ్ళతో. నాన్న శివాష్టోత్తరం ఒక్కో నామం చెబుతుంటే మిగతావాళ్ళు ఒక్కో మారేడు దళం వేస్తారు. 108 నామాలు నిదానంగా అరగంట. తర్వాత లింగాష్టకం, బిల్వాష్టకం. ఈ జాములో ఒంట్లో ఓపిక ఉంటుంది కాబట్టి గొంతెత్తి చదవాలనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త. ఇప్పుడే గొంతు పోగొట్టుకుంటే నాలుగో జాముకు మిగలదు. మామూలుగా మాట్లాడే గొంతుతో చదివితే చాలు.

తొమ్మిది దాటాక గుడికి నడుస్తారు. రెండో జాము వినే జాము. స్వామికి పెరుగుతో అభిషేకం, రుద్రపారాయణ మొదలు. కూతురికి ఆవృతాలు లెక్కపెట్టే పని అప్పగించారు. నానమ్మ పెదవి మాత్రమే కదిలేలా పంచాక్షరి చేసుకుంటుంది. దీన్ని ఉపాంశు జపం అంటారు. పన్నెండు కొట్టే ముందు అందరూ మాలలు పక్కన పెట్టి గర్భాలయం వైపు తిరిగి కూర్చుంటారు. లింగోద్భవ కాలంలో చూపు, చెవి రెండూ అభిషేకం మీదే ఉండాలి. ఆ యాభై నిమిషాలూ వేరే జపం పెట్టుకోనక్కర్లేదు. హారతి తీసుకుని నానమ్మ ఇంటికి వెళ్ళి పడుకుంటుంది. ఆమెకు అక్కడితో వ్రతం పూర్తయినట్టే.

మూడో జాము చాలామందికి జారిపోయే జాము. లింగోద్భవం అయిపోయింది, జనం పలచబడ్డారు, ఎదురుచూడడానికి ఇక ఏమీ లేదనిపిస్తుంది. ఈ వేళకు కథ కావాలి. ఈ కుటుంబం శ్రీనాథుడి శివరాత్రి మాహాత్మ్యంలోని సుకుమారుడి కథను వచనంలో రాసుకుని తెచ్చుకుంది. దారి తప్పిన మనిషి ఒకడికి శివరాత్రి వల్ల మోక్షం కలిగిన కథ అది. ఒకరు పావుగంట పైకి చదువుతారు, తర్వాత పుస్తకం పక్కవాళ్ళకు ఇస్తారు. చదివేవాడు నిద్రపోడు, తన వంతు వస్తుందని వినేవాడూ నిద్రపోడు. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని హాలాహల భక్షణం కూడా ఈ జాముకు చక్కగా సరిపోతుంది. మధ్యలో నేతి అభిషేకానికి లేచి నిలబడతారు.

నాలుగో జాములో కూర్చోకూడదు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య ఒంటి వేడి బాగా తగ్గుతుంది, నిద్ర బలంగా కమ్ముకొచ్చేది అప్పుడే. పట్టుదల ఎంత ఉన్నా కూర్చున్న మనిషి తల వాలుతుంది. అందుకే లేచి ప్రదక్షిణలు మొదలుపెట్టాలి. అడుగుకొకసారి పంచాక్షరి పైకే పలకాలి. పదిమంది కలిస్తే ఒకరు అంటే మిగతావాళ్ళు అందుకునేలా భజన చేయాలి. తేనె అభిషేకం, హారతి అయ్యేసరికి తూర్పు తెల్లబడుతుంది.

ఎక్కడ తప్పుతుంది, ఎలా తెలుస్తుంది?

అందరూ పడే మొదటి పొరపాటు మానస జపం. మనసులో చేసే జపమే అన్నిటికన్నా గొప్పదని విని, అర్ధరాత్రి దాటాక కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటారు. మొదటి జాములో అది నిజంగానే మంచిది. మూడో జాములో అదే నిద్రకు తలుపు తీస్తుంది. రాత్రి ముదిరేకొద్దీ జపం బయటికి రావాలి: మనసు నుంచి పెదవికి, పెదవి నుంచి గొంతుకు, గొంతు నుంచి కాళ్ళకు. కునికిపాటు మొదలైందని తెలుసుకోడానికి గుర్తులున్నాయి. పూసలు వేలి కింద కదులుతుంటాయి గానీ మాట ఆగిపోయి ఉంటుంది. చదివిన వాక్యాన్నే మళ్ళీ చదువుతారు. నమకంలో ఒకేలా ముగిసే వాక్యాలు ఎన్నో ఉంటాయి కాబట్టి మత్తులో ఉన్న పాఠకుడు ఒక అనువాకం నుంచి ఇంకో అనువాకంలోకి దూకేస్తాడు. రుద్రం ఎప్పుడూ కొందరు కలిసి చదవడం వల్ల ఒకరు తప్పితే పక్కవాళ్ళ గొంతు పట్టుకుంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు కూడా ఇద్దరిద్దరుగా కూర్చోండి.

రెండో పొరపాటు సినిమా. ఒకప్పుడు ఊళ్ళలో ఈ రాత్రికి హరికథలు, నాటకాలు ఉండేవి. తర్వాత సినిమా హాళ్ళలో రాత్రంతా ఆటలు వేశారు, ఇప్పుడు ఫోనులో వస్తున్నాయి. సినిమా కళ్ళను తెరిచి ఉంచుతుంది గానీ నోటికి, చేతికి పని చెప్పదు. ఒక జాముకు శివకథ ఉన్న హరికథో, భక్తి నాటకమో పెట్టుకుంటే అది వ్రతంలో భాగమే. మిగతా మూడు జాములకు మాల, మారేడు దళం, పుస్తకం చేతిలో ఉంచుకోండి.

మూడోది ఉపవాసం. సాయంత్రం కడుపు నిండా చిలగడదుంపలు, అరటిపళ్ళు తిని కూర్చుంటే పదకొండింటికే నిద్ర ముంచుకొస్తుంది. తినాలనుకున్నది రెండుమూడు సార్లుగా, కొంచెం కొంచెంగా తీసుకోండి. మంచినీళ్ళు తాగుతుండండి. నీళ్ళు కూడా మానేస్తే నాలుగో జాములో ప్రదక్షిణ చేస్తూ తల తిరుగుతుంది.

ఎంతవరకు చేయాలి?

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గర్భిణులు రాత్రంతా ఉపవాసం, జాగరణ కలిపి చేయకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు అసలు నిద్ర మానకూడదు, నిద్ర లేకపోవడమే వాళ్ళకు మూర్ఛ తెప్పిస్తుంది. మొదటి జాములో ఇంటి దగ్గర అర్చన చేసుకుని వాళ్ళు పడుకోవాలి. పెద్దవాళ్ళు లింగోద్భవం దాకా మేలుకుంటే చాలు. మొదటిసారి చేసేవాళ్ళు కూడా ఈ ఏడు రెండు జాములే పెట్టుకుని వాటిని నిండుగా చేయండి. నాలుగు జాములు కునుకుతూ గడిపినదానికన్నా అది మేలు.

తెల్లవారాక గోదావరిలో స్నానానికి కోటిపల్లో, ముక్తేశ్వరమో వెళ్ళాలనుకుంటే బండి మీరు నడపకండి. రాత్రి నిద్రపోయిన మనిషిని తోడు తీసుకెళ్ళండి. రేవులో మెట్ల మీదే ఉండి స్నానం చేయండి, లోతుకు పోకండి. పారణ సమయం ఏటా మారుతుంది. మీ ఊరి పురోహితుణ్ణి అడిగి ముందు రోజే రాసిపెట్టుకోండి. పారణ అన్నం తేలికగా ఉండాలి, పప్పూ చారూ అన్నం చాలు. ఆ పగలు నిద్రపోకూడదన్నది చాలా ఇళ్ళలో నియమం. దాన్ని పాటించేవాళ్ళు ఆ రోజు కొబ్బరిచెట్టు ఎక్కడం, యంత్రాల దగ్గర పనిచేయడం, బండి నడపడం లాంటివి మర్నాటికి వాయిదా వేసుకోవాలి. పాటించలేనివాళ్ళు పారణ అయ్యాక ఒక గంట పడుకుని లేవండి. వ్రతం ఉదయపు హారతితోనే పూర్తయింది.